ఓటు వేసినవారే వీడియో చూస్తారా?

యూట్యూబ్ తెరిచి కిందికి జరుపుతూ పోతే వీడియోల మధ్యలో అప్పుడప్పుడు ఒక ప్రశ్న కనిపిస్తుంది. "తర్వాతి వీడియో ఏది చేయమంటారు?" అని అడిగి, కింద మూడో నాలుగో ఆప్షన్లు ఇస్తారు. ఒకదాని మీద వేలు పెడితే చాలు, మన ఓటు పడిపోతుంది. దేనికి ఎంత శాతం వచ్చిందో ఆ వెంటనే కనిపిస్తుంది. వంటల ఛానెళ్లు, సినిమా రివ్యూల ఛానెళ్లు, పోటీ పరీక్షలకు పాఠాలు చెప్పేవారు, మిద్దె తోటల వారు, అందరూ ఇప్పుడు ఇలా అడుగుతున్నారు. వీడియోలు కాకుండా రాతలు, ఫొటోలు, పోల్స్ పెట్టుకునే ఈ కమ్యూనిటీ సౌకర్యాన్ని యూట్యూబ్ 2016లో మొదలుపెట్టింది.

అడగడం తేలిక. ఎక్కువ ఓట్లు వచ్చిన అంశం మీద వీడియో చేయడం కూడా కష్టమేమీ కాదు. అసలు పని ఆ తర్వాత ఉంది. నెల రోజులు గడిచాక ఆ వీడియో ఎలా ఆడిందో చూసి, పోల్ చెప్పిన మాట ఎంతవరకు నిజమైందో లెక్క తేల్చాలి. ఆ లెక్క తేల్చినవారికి ఒక విషయం బోధపడుతుంది. వీడియోకి ఎన్ని వ్యూస్ వస్తాయో పోల్ చెప్పదు. మన ఛానెల్‌ను రోజూ చూసేవారు ఏం కోరుకుంటున్నారో చెబుతుంది. ఈ రెండూ ఒకటే అనుకున్న చోటే తప్పటడుగు పడుతుంది.

ఓటు వేసేది ఎవరు?

పోల్ ముందుగా చేరేది ఛానెల్‌తో ఇప్పటికే పరిచయం ఉన్నవారికి. సబ్‌స్క్రైబ్ చేసుకున్నవారు, ఈ మధ్య మన వీడియోలు చూసినవారు అందులో ఎక్కువ. కొత్తవారికీ కొంతమేరకు కనిపిస్తుంది కానీ, ముక్కూ ముఖం తెలియని ఛానెల్ అడిగిన ప్రశ్నకు ఆగి ఓటు వేసేవారు తక్కువే. కాబట్టి ఓట్లలో సింహభాగం పాత కాపులవే. వీడియో సంగతి వేరు. అది హోమ్ పేజీలో, వేరొక వీడియో పక్కన, యూట్యూబ్ సెర్చ్‌లో, గూగుల్ సెర్చ్‌లో కూడా కనిపిస్తుంది. మన పేరు ఎన్నడూ వినని మనిషి తన అవసరం కొద్దీ వెతుక్కుంటూ వచ్చి చూస్తాడు. అతని ఓటు మన పోల్‌లో లేదు.

టిఫిన్ సెంటర్‌కు రోజూ వచ్చేవారిని "రేపు ఏం వేయమంటారు?" అని అడిగితే వారి ఇష్టం తెలుస్తుంది. బస్సు దిగి ఆకలితో లోపలికి వచ్చే ప్రయాణికుడు ఏం అడుగుతాడో తెలియదు. అంగడి నడవాలంటే ఇద్దరూ కావాలి.

ఓట్లు ఎక్కువగా వచ్చినంత మాత్రాన ఈ లోటు తీరదు. దీనికి చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు 'లిటరరీ డైజెస్ట్' అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. ఆ ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్, కార్ల యజమానుల జాబితాల వంటి వాటి నుంచి. ఆ రోజుల్లో ఆ రెండూ ఉన్నవారు కలిగినవారు. పైగా బ్యాలెట్ నింపి తిరిగి పంపే ఓపిక ఉన్నవారు ఒక రకం, చెత్తబుట్టలో వేసినవారు ఇంకో రకం. అదే ఏడాది జార్జ్ గాలప్ అంతకంటే ఎంతో తక్కువ మందిని అడిగి, రూజ్‌వెల్టే గెలుస్తాడని సరిగ్గా చెప్పాడు. ఎంతమందిని అడిగామన్నదాని కంటే ఎవరిని అడిగామన్నదే ముఖ్యమని అప్పటి నుంచి సర్వేలు చేసేవారికి తెలుసు. కమ్యూనిటీ పోల్‌కూ అదే సూత్రం వర్తిస్తుంది.

ఆప్షన్లు రాయడంలోనే సగం ఫలితం

అక్షరాలతో పెట్టే పోల్‌లో ఐదు ఆప్షన్ల వరకు ఇవ్వవచ్చు. ఒక్కో ఆప్షన్‌కు 65 క్యారెక్టర్ల పరిమితి ఉంటుంది. తెలుగులో గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి చోటు త్వరగా అయిపోతుంది. అందుకని చాలామంది "మిరప తెగుళ్లు", "కంపోస్టు" అని ఒకటి రెండు మాటలతో సరిపెడతారు. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. ఓటు పడింది "మిరప తెగుళ్లు" అన్న మాటకు. రేపు వీడియో మీద కనిపించే టైటిల్ "ఆకులు ముడుచుకున్న మిరప మొక్క మళ్లీ చిగురించాలంటే" అని ఉంటుంది. ఈ రెండూ చదివేవారికి ఒకటి కాదు. ఆప్షన్‌ను సాధ్యమైనంతవరకు రేపటి టైటిల్ లాగే రాస్తే, పోల్‌నూ వీడియోనూ పోల్చడానికి వీలుంటుంది. లేకపోతే వీడియో ఆడకపోయినప్పుడు తప్పు అంశానిదో టైటిల్‌దో తేలదు.

ఓట్లు చీలిపోవడం ఇంకో చిక్కు. "వంటింటి చెత్తతో కంపోస్టు", "ఆకులతో కంపోస్టు", "షేడ్ నెట్ కట్టడం" అని మూడు పెట్టారనుకోండి. కంపోస్టు గురించి తెలుసుకోవాలనుకునేవారు రెండుగా చీలిపోతారు, షేడ్ నెట్ గెలిచినట్టు కనిపిస్తుంది. ఒకే జాతి అంశాలను ఒకే పోల్‌లో పెట్టకూడదు. ముందు జాతి తేల్చి, అందులో రకాన్ని ఇంకో పోల్‌లో అడగాలి. అలాగే జాబితాలో పైన ఉన్నదానికి కొంత అనుకూలత ఉంటుంది. మనకు నచ్చినదాన్నే ప్రతిసారీ మొదట పెడుతూ పోతే, మన ఇష్టమే ప్రేక్షకుల ఓటుగా తిరిగి వస్తుంది. చీటీలు వేసి వరుస నిర్ణయించుకోవడం మేలు.

ఒక లెక్క చూద్దాం

విషయం స్పష్టంగా కనబడాలంటే అంకెలతో చూడాలి. ఒక మిద్దె తోటల ఛానెల్ ఉందని ఊహించుకుందాం. ఇందులోని అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. ఛానెల్‌కు 24,000 మంది సబ్‌స్క్రైబర్లు. గత పది వీడియోలను తీసుకుని, మొదటి వారం వ్యూస్ ప్రకారం వరుసగా పేర్చి నడిమి అంకె చూస్తే 3,000 వచ్చింది. 28 రోజులకు అదే నడిమి అంకె 4,000. సగటు కాకుండా నడిమి అంకె ఎందుకంటే, ఎప్పుడో ఒక వీడియో లక్షకు పోతే సగటు మొత్తం పైకి లేచిపోతుంది. ఆ తర్వాత వచ్చే మంచి వీడియో కూడా దాని పక్కన వెలవెలబోతుంది.

ఫిబ్రవరిలో పోల్ పెట్టారు. నాలుగు ఆప్షన్లు: మా మిద్దె తోట మొత్తం చూద్దామా, వంటింటి చెత్తతో కంపోస్టు చేసే పద్ధతి, ఆకులు ముడుచుకున్న మిరపను బతికించడం, ఎండలకు ముందే షేడ్ నెట్ కట్టడం. 620 ఓట్లు పడ్డాయి. తోట చూపించే వీడియోకు 46 శాతం, కంపోస్టుకు 24, మిరపకు 18, షేడ్ నెట్‌కు 12.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి తేడా ఎంతో చూడాలి. 620 ఓట్లలో 24 శాతం అంటే 149 మంది, 18 శాతం అంటే 112 మంది. 37 మంది తేడా ఉంది, దానికి కొంత అర్థం ఉంది. అదే శాతాలు 60 ఓట్లలో వచ్చి ఉంటే 14 మంది ఒకవైపు, 11 మంది ఇంకోవైపు. ముగ్గురు వేరేగా తలిస్తే వరుస తారుమారయ్యేది. శాతం మాత్రమే చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే శాతం పక్కన ఓట్ల సంఖ్య తప్పక రాసుకోవాలి.

ఈ ఛానెల్ వారు మంచి పని ఒకటి చేశారు. గెలిచినదాన్ని మాత్రమే కాకుండా రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాటినీ వరుసగా మూడు వారాల్లో చేశారు. వీడియోలు పెట్టకముందే నోట్‌బుక్‌లో తమ అంచనా కూడా రాసుకున్నారు: తోట ముందు, కంపోస్టు తర్వాత, మిరప ఆఖరు.

మొదటి వారం గడిచింది. తోట వీడియోకు 3,600 వ్యూస్, కంపోస్టుకు 2,900, మిరపకు 2,400. పోల్ చెప్పిన వరుస అక్షరాలా నిజమైంది. చాలామంది ఇక్కడే లెక్క ముగించి, ఇక ముందు పోల్ చెప్పినట్టే చేద్దామని తీర్మానించుకుంటారు.

28 రోజులకు చూస్తే కథ మారింది. తోట వీడియో 4,300 దగ్గర ఆగింది. కంపోస్టు 3,800. మిరప వీడియో 6,900కు చేరింది. నడిమి అంకె 4,000తో పోలిస్తే తోట ఛానెల్ మామూలు స్థాయికి కాస్త పైన ఉంది, కంపోస్టు కాస్త కింద ఉంది, మిరప ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. పోల్‌లో మూడో స్థానంలో ఉన్న అంశం వీడియోల్లో మొదటికి వచ్చింది.

పోల్ అబద్ధం చెప్పిందా?

లేదు. వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయో అనలిటిక్స్‌లో విడదీసి చూస్తే సంగతి తెలుస్తుంది. ట్రాఫిక్ సోర్సెస్ అన్న చోట ఎంతమంది హోమ్ పేజీ నుంచి వచ్చారో, ఎంతమంది సెర్చ్ ద్వారా వచ్చారో, ఎంతమందికి వేరే వీడియో పక్కన కనిపించిందో ఉంటుంది. తోట వీడియో చూసినవారిలో ఎక్కువమంది పాతవారు, హోమ్ పేజీ నుంచి మొదటి రెండు మూడు రోజుల్లోనే వచ్చారు. ఇన్నాళ్లుగా చూస్తున్న మనిషి తోట ఎలా ఉందో చూడాలన్న అభిమానం వారిది. ఆ అభిమానం లేనివారికి ఎవరిదో మిద్దె మీద ఉన్న తోటతో పనిలేదు.

మిరప వీడియోకు జనం సెర్చ్ నుంచి వచ్చారు. ఎండలు మొదలయ్యే కాలంలో మిరపకు తామర పురుగుల బెడద పెరుగుతుంది. ఆకులు పైకి ముడుచుకుంటాయి, రైతులు దాన్ని పైముడత అంటారు. నల్లి పడితే ఆకులు కిందికి ముడుచుకుంటాయి, అది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్‌తో వచ్చే బొబ్బర తెగులు మరొకటి. కుండీలో నాలుగు మొక్కలు పెట్టుకున్న మనిషి ఒక ఉదయం ఆకు ముడుచుకుని ఉండటం చూసి, ఫోన్ తీసి వెతుకుతాడు. అతనికి ఆ క్షణం వరకు మన ఛానెల్ పేరు కూడా తెలియదు. పోల్ పెట్టిన రోజు అతని మొక్క పచ్చగానే ఉంది. ఒకవేళ పోల్ అతనికి కనిపించినా మిరపకు ఓటు వేసేవాడు కాదు.

అంటే పోల్ తన పరిధిలో నిజమే చెప్పింది. పాతవారు మొదటి వారంలో ఏం చూస్తారో సరిగ్గా చెప్పింది. కొత్తవారు నెల పొడవునా దేని కోసం వస్తారో చెప్పలేకపోయింది. ఆ ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు కూడా.

దేనితో పోల్చాలి?

కాబట్టి పోల్‌ను మొత్తం వ్యూస్‌తో పోల్చడం సరైన పరీక్ష కాదు. అనలిటిక్స్‌లో ప్రేక్షకుల విభాగంలో కొత్తగా వచ్చినవారినీ మళ్లీ వచ్చినవారినీ వేరు చేసి చూపిస్తారు. మళ్లీ వచ్చినవారి సంఖ్యను మొదటి ఏడు రోజులకు తీసి, దాన్ని పోల్ వరుసతో పోల్చాలి. ఇది పోల్‌కు పెట్టాల్సిన న్యాయమైన పరీక్ష. కొత్తవారి సంఖ్యను 28 రోజులకు తీసి వేరే గడిలో రాసుకోవాలి. అది పోల్ తప్పొప్పులు తేల్చడానికి కాదు. పోల్‌కు అందనిది ఏముందో తెలుసుకోవడానికి.

దీనితో పాటు చూడాల్సిన అంకె ఇంకొకటి, వీడియోను ఎంతసేపు చూశారన్నది. ఓటు వేసి, వీడియో తెరిచి, నిమిషం చూసి వెళ్లిపోయినవారు ఎక్కువగా ఉన్నారంటే అంశం నచ్చింది, చెప్పిన తీరు నచ్చలేదు. అది పోల్ వైఫల్యం కాదు, వీడియో వైఫల్యం. అలాగే థంబ్‌నెయిల్ కనిపించిన వందమందిలో ఎందరు నొక్కారన్నదీ చూడాలి. అయితే ఈ శాతాన్ని ఒక వీడియోకూ ఇంకో వీడియోకూ నేరుగా పోల్చకూడదు. వీడియో బాగా ఆడి కొత్తవారికి ఎక్కువగా కనిపించేకొద్దీ ఈ శాతం సహజంగానే తగ్గుతుంది. తగ్గిన శాతం చూసి ఆ వీడియో దెబ్బతిందనుకుంటే పొరపడినట్టే.

కాలం సంగతీ మరిచిపోకూడదు. పోల్ ఒక వారంలో, వీడియో నెల తర్వాత వస్తే మధ్యలో ఋతువు మారి ఉండవచ్చు. సంక్రాంతి వారంలో, ఇంటర్ పరీక్షల రోజుల్లో పెట్టిన వీడియోలు వేరే కారణాలతో పైకో కిందికో పోతాయి. షేడ్ నెట్ గురించి ఫిబ్రవరిలో 12 శాతమే ఓటు వేశారంటే, ఏప్రిల్‌లో కూడా అంతేనని అర్థం కాదు.

ఓడినదాన్నీ చేయాలి

ఈ పనిలో అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు ఒకటుంది. పోల్‌లో గెలిచినదాన్నే చేస్తారు, మిగతావాటిని వదిలేస్తారు. వీడియో బాగా ఆడితే పోల్ గొప్పదంటారు. ఓడిపోయిన అంశం చేసి ఉంటే ఇంకా బాగా ఆడేదేమో తెలిసే దారి అక్కడ లేదు. గెలిచినవి మాత్రమే చేసే ఛానెల్‌కు, ఎన్ని పోల్స్ పెట్టినా పోల్ నమ్మదగినదో కాదో ఎన్నటికీ తెలియదు. పై లెక్కలో తోట వీడియో ఒక్కటే చేసి ఊరుకుని ఉంటే, నడిమి అంకెను కాస్త దాటింది కాబట్టి పోల్ నిజమైందని సంతృప్తి పడేవారు. మిరప సంగతి బయటపడేదే కాదు.

ప్రతి పోల్‌లోని అన్ని ఆప్షన్లూ చేయనక్కర్లేదు. నాలుగు పోల్స్‌లో ఒకసారైనా గెలిచినదానితో పాటు ఓడినదాన్నీ చేయాలి. ఏది చేయాలో మనకు నచ్చినట్టు ఎంచుకుంటే మళ్లీ మన ఇష్టమే అందులో దూరుతుంది. చీటీ వేసి తీసుకోవడమే మంచిది. ఆ రెండిటికీ ఒకే నిడివి, ఒకే రకం థంబ్‌నెయిల్, ఒకే రోజు ఒకే వేళ పాటించాలి. తోట వీడియోకు డ్రోన్ షాట్లు పెట్టి, మిరప వీడియోను ఫోన్‌తో హడావిడిగా తీస్తే ఆ పోలిక దేనికీ పనికిరాదు.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గళ్ల నోట్‌బుక్ చాలు, లేదా ఫోన్‌లో ఒక షీట్. పోల్ తేదీ, అడిగిన ప్రశ్న ఉన్నది ఉన్నట్టు, ఆప్షన్ల వరుస, పడిన ఓట్లు, వీడియో పెట్టకముందు రాసుకున్న అంచనా, ఏడు రోజులకు మళ్లీ వచ్చినవారు, 28 రోజులకు కొత్తవారు. వీటిలో అంచనా గడిని ముందే నింపడం చాలా ముఖ్యం. ఫలితం వచ్చాక "నేను అనుకున్నదే" అనుకోవడం మనిషి నైజం. ముందు రాసుకున్నది కళ్లెదుట ఉంటే ఆ మాట అనడానికి వీలుండదు. ఒక పోల్‌తో ఏ తీర్మానానికీ రాకూడదు. పది వరుసలు నిండాక, ఎన్నిసార్లు పోల్ వరుసా పాతవారి వరుసా కలిశాయో లెక్కపెట్టాలి. పదిలో ఏడెనిమిది సార్లు కలిస్తే పాతవారి విషయంలో ఆ పోల్‌ను నమ్మవచ్చు. నాలుగైదు సార్లే కలిస్తే ఆప్షన్లు రాసే తీరులోనే లోపముందని అనుమానించాలి.

ప్రశ్న మార్చితే

మిరప అనుభవం నుంచి ఇంకో పాఠం కూడా ఉంది. "ఏ వీడియో కావాలి?" అని అడిగితే మనుషులు తమ ఇష్టం చెబుతారు. తోట చూడటం అందరికీ ఇష్టమే. "ఈ నెల మీ మొక్కలకు ఏ సమస్య వచ్చింది?" అని అడిగితే జరిగినది చెబుతారు. ఆకుముడత, పూత రాలడం, ఎండకు వాడిపోవడం, ఏ సమస్యా లేదు అని నాలుగు ఆప్షన్లు ఇస్తే, అక్కడ పడే ఓటు వెనక ఒక నిజమైన కుండీ, నిజమైన ఆకు ఉంటాయి. మన ప్రేక్షకుల మొక్కలకు ఈ వారం వచ్చిన తెగులే, మనకు తెలియని వేలమంది మొక్కలకూ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. కోరిక విషయంలో పాతవారికీ కొత్తవారికీ పోలిక ఉండదు కానీ, సమస్య విషయంలో ఉంటుంది. అందుకే ఈ రకం పోల్ సెర్చ్ ద్వారా వచ్చేవారి అవసరాన్ని కూడా కొంతవరకు పట్టుకోగలదు. కింద కామెంట్లలో వారు రాసే మాటలు, "ఆకు పైకి ముడుచుకుంది", "చిగురు మాడిపోయింది" వంటివి, టైటిల్‌లో పెట్టుకోవాల్సిన మాటలు. వెతికేవారు కూడా ఆ మాటలతోనే వెతుకుతారు.

ఈ మార్పు నిజంగా పనిచేసిందో లేదో కూడా ఆ నోట్‌బుక్కే చెప్పాలి. కోరిక అడిగిన పోల్స్ ఒకవైపు, సమస్య అడిగిన పోల్స్ ఒకవైపు రాసుకుని, 28 రోజుల కొత్తవారి అంకెలతో ఏది ఎక్కువసార్లు కలిసిందో చూడాలి.

అలాగని కోరిక అడిగే పోల్స్ మానేయనక్కర్లేదు. ఏళ్ల తరబడి మనల్ని చూస్తున్నవారి మాటకు విలువ ఉంది. వారు తోట చూస్తామన్నారు కాబట్టి చూపించాలి. అడిగి, ఓటు వేయించుకుని, ఆ వీడియో చేయకపోతే రెండోసారి ఎవరూ ఓటు వేయరు. కానీ ఆ వీడియో 4,300 దగ్గర ఆగిందని బాధపడకూడదు. అది పాతవారి కోసం చేసినది, పాతవారు చూశారు, దాని పని పూర్తయింది. నెలలో నాలుగు వీడియోలు చేసే ఛానెల్ ఒకటి రెండు పాతవారి ఓటు ప్రకారం, మిగతావి సమస్యల పోల్ ప్రకారం చేసుకోవచ్చు. ఏ వీడియో ఎవరి కోసమో ముందే నోట్‌బుక్‌లో రాసి ఉంటే, నెలాఖరున ఏ అంకె చూసి ఆ వీడియోను తూచాలో సందేహం ఉండదు.